షిఫ్టు మొదలయ్యే ముందు ఐదు నిమిషాలు

గుడ్ మార్నింగ్ అందరికీ. హెడ్‌సెట్లు ఇంకా పెట్టుకోకండి, ఒక్క ఐదు నిమిషాలు. సిల్క్‌బోర్డు దగ్గర ఆగిపోయిన క్యాబ్‌లో ఇద్దరున్నారు, వాళ్ళకి నేను తర్వాత విడిగా చెప్తా.

శనివారం రాత్రి 8:40కి మన హెల్త్ ఇన్సూరెన్స్ క్లెయిమ్‌ల పాత క్యూ సున్నా అయ్యింది. నమ్మకం కుదరక రెండుసార్లు రిఫ్రెష్ కొట్టి చూశా. అక్టోబర్‌లో సాఫ్ట్‌వేర్ మారినప్పుడు స్కాన్ చేసిన కాగితాలు ఏ క్లెయిమ్‌వో తెలీకుండా విడిపోయాయి, సరిగ్గా అప్పుడే డెంగీ జ్వరాల ఫైళ్ళు వచ్చి పడ్డాయి, చూస్తుండగానే మన తెలుగు డెస్క్ మీద 2,140 రీయింబర్స్‌మెంట్ ఫైళ్ళు పేరుకుపోయాయి. 26 పనిరోజుల్లో తీసేశారు మీరు. పాతవి ఏడుగురు చూశారు, మనిషికి రోజుకి 12 దాకా పడ్డాయి. మిగతా ఏడుగురు రోజువారీ పని మొత్తం మోశారు, వాళ్ళ గురించి ఏ రిపోర్టులోనూ రాదు కాబట్టి ముందు థ్యాంక్స్ వాళ్ళకే. క్యాష్‌లెస్‌లో డిశ్చార్జి రిక్వెస్ట్ వస్తే 3 గంటల్లో తేల్చాలని ఐఆర్‌డీఏఐ 2024లో పెట్టింది కదా, సగం మందితో కూడా ఒక్కటంటే ఒక్కటి దాటనివ్వలేదు. అక్కడ పేషెంట్ బట్టలు సర్దుకుని బెడ్ మీద కూర్చుని మన అప్రూవల్ కోసం ఎదురుచూస్తుంటాడు.

నాకు ఈ సున్నా కన్నా ఎక్కువ నచ్చింది ఇంకోటుంది. కౌంట్ తగ్గించడానికి సులువైన దారి మనందరికీ తెలుసు, ప్రతి ఫైల్‌కీ ఒక క్వెరీ రైజ్ చేసేస్తే అది మన క్యూలోంచి పోతుంది, గడియారం ఆగుతుంది, మనిషి మాత్రం మళ్ళీ హాస్పిటల్ చుట్టూ తిరుగుతాడు. మీరు ఆ పని చేయలేదు. ఫోన్ చేసి అడిగారు, ఏమేం తక్కువున్నాయో అన్నీ ఒకేసారి చెప్పారు, పార్ట్ బి మీద హాస్పిటల్ సీల్ లేదు, క్యాన్సిల్డ్ చెక్ మసకగా ఉంది, ఇలా. నరసరావుపేట పెద్దాయన ఫైల్‌లో స్టెంట్ స్టిక్కర్ లేదని ఆయన్ని మళ్ళీ బస్సెక్కించకుండా సుజాతక్క హాస్పిటల్ ఇన్సూరెన్స్ డెస్క్‌కి నాలుగుసార్లు ఫోన్ చేసి కాపీ తెప్పించింది. అక్కా, ఆ కాల్ నేను విన్నాను, చాలా ఓపిగ్గా మాట్లాడావు.

ఇంటిపేర్ల సంగతి కూడా చెప్పాలి. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, పాలసీలో వెనక, బ్యాంకులో ఒక్క అక్షరం, పెళ్ళయిన ఆడవాళ్ళకైతే ఒక కాగితంలో పుట్టింటిది ఇంకో కాగితంలో అత్తింటిది, సిస్టమ్ అన్నిటికీ నేమ్ మిస్‌మ్యాచ్ అని ఎర్రగీత పెడుతుంది. అలాంటివి మూడొందలకి పైనే విడిపించారు, అన్నీ కాగితాలు పోల్చి చూసే, కళ్ళు మూసుకుని ఓకే కొట్టలేదు. రఫీ అయితే యాక్సిడెంట్ కేసుల్లో చేతిరాత ఎఫ్ఐఆర్‌లు, తెలుగు రాని డాక్టర్ల కోసం ఒక్కోటీ కూర్చుని ఇంగ్లీషులో సారాంశం రాసి పెట్టాడు, అది వాడి పని కాదు, ఎవరూ అడగలేదు.

ఒకటి నా వైపు నుంచి. రెండో వారంలో గంటగంటకీ కౌంట్ గ్రూప్‌లో పెట్టాను. దానివల్ల మీకు టెన్షన్ పెరిగింది తప్ప ఫైల్ ఒక్కటీ తొందరగా కదల్లేదు. స్వప్న వచ్చి మొహమాటం లేకుండా చెప్పింది, ఆ రోజే ఆపేశాను. సారీ. ఇక మీదట రోజుకి ఒక్కసారే, షిఫ్టు అయ్యాక.

ఆదివారాలు వచ్చినవాళ్ళ కాంప్ ఆఫ్‌లు ఈ నెలాఖరుకే వాడేయాలన్నారు, నేను మాట్లాడి సంక్రాంతికి కలుపుకోవచ్చని మెయిల్ తీసుకున్నా, మీ అందరికీ ఫార్వర్డ్ చేశా. రైలు టికెట్లు వెయిటింగ్‌లో ఉన్నాయని తెలుసు, అందుకే తేదీలు ఇవాళే చెప్పేయండి, ఇద్దరిద్దరు ఒకే రోజు అడిగితే సర్దుకుందాం.

ఈరోజు నుంచి అందరూ మామూలు అలాట్‌మెంటే, ఓవర్‌టైమ్ లేదు, నాలుగుకల్లా ఇళ్ళకి వెళ్ళిపోండి. క్వెరీ పెట్టక తప్పనివి 38 ఉన్నాయి కదా, వాటికి జవాబు వస్తే ముందు మాట్లాడినవాళ్ళకే పంపిస్తా, వాళ్ళు మళ్ళీ మొదట్నుంచి కథంతా ఇంకొకరికి చెప్పుకోవాల్సిన పని ఉండకూడదు.

తొమ్మిదిన్నరకి ప్యాంట్రీకి ఇడ్లీ వడ వస్తాయి, నలుగురేసి వెళ్ళండి, ఫోన్లు ఖాళీగా వదలొద్దు. లేటయిన ఇద్దరికీ తీసి పెట్టండి. సరే, లాగిన్ అవ్వండి, లైన్లు తెరుచుకునే టైమ్ అయ్యింది.