కనిష్ఠ ప్రత్యుదాహరణతో ఒక నిరూపణ: 2, 3 ఘాతాల మొత్తాలు

1, 2, 3, 4, 6, 8, 9, 12, 16, 18, 24, 27... ఇవన్నీ 2^a·3^b రూపంలో ఉన్న సంఖ్యలు. ఇక్కడ a, b సున్నా గానీ ధనపూర్ణాంకాలు గానీ కావచ్చు. వీటికి ఈ నోట్సులో "మంచి సంఖ్యలు" అని పేరు పెట్టుకుందాం.

సిద్ధాంతం. ప్రతి ధనపూర్ణాంకాన్నీ ఒకటి లేదా అంతకన్నా ఎక్కువ మంచి సంఖ్యల మొత్తంగా, ఏ పదమూ మరో పదాన్ని భాగించకుండా రాయవచ్చు.

అమెరికా, కెనడా కాలేజీ విద్యార్థులకు జరిగే పుట్నమ్ గణిత పోటీలో 2005లో మొదటి ప్రశ్న ఇదే. చివరి షరతు తీసేస్తే ఇందులో చెప్పుకోవడానికి ఏమీ మిగలదు, 1+1+1+... అని రాసుకుంటూ పోవచ్చు. షరతు ఉంటే ఒకే సంఖ్యను రెండుసార్లు వాడే వీల్లేదు, ఎందుకంటే ప్రతి సంఖ్యా తనను తాను భాగిస్తుంది. 5 = 3+2 సరే. 7 = 6+1 కుదరదు, 1 అన్నిటినీ భాగిస్తుంది. 7 = 4+3 కుదురుతుంది.

మన చేతిలో ఉన్న ఆయుధం వెల్-ఆర్డరింగ్ సూత్రం: ధనపూర్ణాంకాలతో ఏర్పడిన ప్రతి శూన్యేతర సమితికీ ఒక కనిష్ఠ మూలకం ఉంటుంది. ఇది చూడ్డానికి చెప్పనక్కర్లేని మాటలా ఉంటుంది గానీ, ధన అకరణీయ సంఖ్యలకు ఇది చెల్లదు. అక్కడ ఏ సంఖ్యను తీసుకున్నా దానిలో సగం ఇంకా చిన్నది.

నిరూపణ. సిద్ధాంతం తప్పు అనుకుందాం. అలా రాయడానికి వీలుకాని ధనపూర్ణాంకాల సమితి S అయితే, S శూన్యం కాదు. కాబట్టి దానికి కనిష్ఠ మూలకం ఉంది, దాన్ని m అందాం. m కన్నా చిన్నదైన ప్రతి ధనపూర్ణాంకానికీ మనకు కావలసిన రూపం ఉందన్నమాట.

m సరిసంఖ్య అయితే m/2 కూడా ధనపూర్ణాంకమే, m కన్నా చిన్నది. కనుక m/2 = t₁+...+tᵣ అని షరతు ప్రకారం రాయవచ్చు. ప్రతి పదాన్నీ 2తో గుణిస్తే m = 2t₁+...+2tᵣ. ఇవీ మంచి సంఖ్యలే. వీటిలో ఒకటి మరొకదాన్ని భాగిస్తే, రెండు వైపులా 2 తీసేసినా భాగించాలి, అది కుదరదు. అంటే m కు రూపం దొరికింది, ఇది వైరుధ్యం. కనుక m బేసి సంఖ్య.

ఇప్పుడు m ను మించని 3 ఘాతాల్లో అతి పెద్దది 3^k అనుకుందాం: 3^k ≤ m < 3^(k+1). m = 3^k అయితే ఆ ఒక్క పదమే చాలు, మళ్లీ వైరుధ్యం. కాబట్టి m > 3^k. రెండూ బేసి సంఖ్యలు కనుక

n = (m − 3^k)/2

ఒక ధనపూర్ణాంకం, m కన్నా చిన్నది. m కనిష్ఠం కాబట్టి n = t₁+...+tᵣ అని షరతు ప్రకారం రాయవచ్చు. అప్పుడు

m = 3^k + 2t₁ + ... + 2tᵣ.

2tᵢ లు ఒకదాన్నొకటి భాగించవని పైన చూశాం. ఇక మిగిలింది కొత్తగా చేరిన 3^k సంగతి. 2tᵢ సరిసంఖ్య, అది బేసి సంఖ్య 3^k ను భాగించలేదు. ఒకవేళ 3^k యే 2tᵢ ను భాగిస్తే, 3^k బేసి కాబట్టి tᵢ నే భాగించాలి, అప్పుడు tᵢ ≥ 3^k. కానీ

tᵢ ≤ n = (m − 3^k)/2 < (3^(k+1) − 3^k)/2 = 3^k.

రెండూ పొసగవు. కనుక m కు కూడా రూపం ఉంది, అది S లో ఉండటానికి వీల్లేదు. S శూన్యం. ∎

నిరూపణకు ప్రాణం ఈ చివరి అసమానత. "అతి పెద్ద" 3^k నే ఎందుకు తీసుకోవాలి, ఏదో ఒక 3 ఘాతం చాలదా అని ఎవరైనా అడగాల్సిందే. 41తో చూడండి. అతి పెద్దది 27. (41−27)/2 = 7 = 3+4, రెట్టింపు చేస్తే 6+8, కనుక 41 = 27+6+8. అదే 3 తీసుకుంటే (41−3)/2 = 19 = 9+6+4, రెట్టింపు చేస్తే 18+12+8. దానికి 3 కలిపితే మొత్తం 41 వస్తుంది గానీ 3 వెళ్లి 18నీ 12నీ భాగిస్తుంది. 9 తీసుకుంటే మాత్రం 16 వచ్చి, 41 = 9+32 అని అదృష్టవశాత్తూ కుదురుతుంది. అదృష్టం మీద నిరూపణ నిలబడదు, m < 3^(k+1) అన్న హామీ మీద నిలబడుతుంది.

m కనిష్ఠమన్న సంగతిని రెండే చోట్ల వాడాం: m/2 దగ్గర ఒకసారి, n దగ్గర ఒకసారి. "m కనిష్ఠం అనుకుందాం" అని రాసి, ఆ తర్వాత ఎక్కడా దాన్ని వాడకుండా ముగించే జవాబులు చాలా కనిపిస్తాయి. అలాంటి చోట ఆ వాక్యం ఉత్త అలంకారమే, లేదా నిరూపణలో ఎక్కడో కన్నం ఉంది. మీరు రాసినదాంట్లో m కన్నా చిన్న సంఖ్య ఏది, అది ధనపూర్ణాంకం ఎలా అయింది అని వేలు పెట్టి చూపించగలగాలి. m = 3^k సందర్భాన్ని వేరుగా తీసేసింది కూడా అందుకే: వదిలేస్తే n = 0 అవుతుంది, సున్నాకు సిద్ధాంతం ఏమీ చెప్పదు. m = 1 కూడా ఆ సందర్భంలోనే తేలిపోయింది, 1 = 3^0 కాబట్టి.

41కి రెండు రూపాలు దొరికాయని గమనించే ఉంటారు. రూపం ఒక్కటే ఉంటుందని సిద్ధాంతం అనడం లేదు.