హారిక పంపిన పట్టికకు చిన్నాయన జవాబులు

హారికా,

నువ్వు పంపిన జిల్లాల వర్షపాతం పట్టిక, దాని కింది ప్రశ్నల ఫొటో చూసినానమ్మా. కడప వరుస చివర నీ బొటనవేలు అడ్డంపడి మొత్తం వర్షపాతంలో ముందున్న 7 ఒక్కటే కనపడుతోంది. మళ్లీ తీసి పంపమందామనుకున్నా గానీ, ఆ అంకె ఎంతుంటుందో పట్టికే చెబుతుంది కదా అని ముందు దాన్నే పట్టుకున్నా. కడపకు నైరుతి రుతుపవనాల వాన 394 మి.మీ., ఈశాన్య రుతుపవనాలది 251. రెండూ కలిపితే 645. చలికాలంలో, ఎండాకాలంలో పడే నాలుగు చినుకులు ఈ రెండు గళ్లలోనూ ఉండవు, మొత్తంలో మాత్రం ఉంటాయి. పక్కనున్న అనంతపురంలో అట్లా మిగిలింది 59, కర్నూలులో 66. అంటే కడప మొత్తం 700కు కాస్త అటూ ఇటూ ఉండాల. నా దగ్గరున్న పుస్తకం తీసి చూస్తే సరిగ్గా 700. పట్టిక చదవడమంటే ఇదే, ఒక గడిని పక్క గళ్లతో నిలదీయడం.

నీ వేలు తీసేసి పట్టిక మళ్లీ రాస్తున్నా. లెక్కలన్నీ మిల్లీమీటర్లలో, చాలా ఏళ్ల సగటు. జిల్లాలు 2022లో విడదీయక ముందువి. కాబట్టి కర్నూలు అంటే నంద్యాల కలిసిన పాత కర్నూలు, అనంతపురం అంటే పుట్టపర్తి వైపు కూడా కలిపి.

| జిల్లా | నైరుతి (జూన్–సెప్టెంబరు) | ఈశాన్యం (అక్టోబరు–డిసెంబరు) | ఏడాది మొత్తం | ముఖ్య పంటలు |
|---|---|---|---|---|
| అనంతపురం | 338 | 156 | 553 | వేరుశనగ, కంది |
| కర్నూలు | 455 | 149 | 670 | శనగ, పత్తి, జొన్న |
| కడప | 394 | 251 | 700 | వేరుశనగ, శనగ, పసుపు |
| నెల్లూరు | 331 | 661 | 1080 | వరి |
| శ్రీకాకుళం | 706 | 277 | 1162 | వరి, జీడిమామిడి |

1. అత్యధిక, అత్యల్ప వర్షపాతం గల జిల్లాలేవి? తేడా ఎంత?

అత్యధికం శ్రీకాకుళం, 1162. అత్యల్పం అనంతపురం, 553. తేడా 609 మి.మీ. అంటే ఆ తేడానే మన అనంతపురానికి ఏడాదంతా పడే వానకంటే ఎక్కువ. ఈ మాట కూడా రాయి, ఒట్టి తీసివేత రాసి వదిలేయొద్దు.

2. ఏ జిల్లాకు ఏ రుతుపవనాల వల్ల ఎక్కువ వర్షం వస్తుంది? శాతాల్లో పోల్చండి.

మొత్తంతో భాగించి నూరుతో గుణిస్తే నైరుతి వాటా అనంతపురంలో 61 శాతం, కర్నూలులో 68, కడపలో 56, శ్రీకాకుళంలో 61. నెల్లూరులో మాత్రం 31 శాతమే. అక్కడ ఈశాన్యం వాటా 61. కాబట్టి నెల్లూరు ఒక్కటే ఈశాన్య రుతుపవనాల మీద బతికేది, తక్కిన నాలుగూ నైరుతి మీద.

ఇక్కడ ఒకటి గమనించు. అనంతపురం, శ్రీకాకుళం రెండింటికీ 61 శాతమే. శాతం చూసి రెండూ ఒకేలాంటివి అని రాస్తే తప్పు. ఒకచోట ఆ 61 శాతం అంటే 338, ఇంకోచోట 706. శాతం పక్కన అసలు అంకె కూడా ఎప్పుడూ రాయి. మా బడిలో ఏటా సగంమంది పిల్లలు ఈ ఒక్కచోటే మార్కులు పోగొట్టుకుంటారు.

3. నైరుతి కాలంలో నెల్లూరు కంటే అనంతపురానికే ఎక్కువ వర్షం. కారణం చెప్పండి.

ఈ ప్రశ్న ఇచ్చినవారిని మెచ్చుకోవాల. 338, 331. కరువు జిల్లా అని పేరు పడ్డ అనంతపురం, వరి జిల్లా నెల్లూరు, ఆ నాలుగు నెలల్లో ఇంచుమించు సమానం! తేడా అంతా అక్టోబరు తర్వాతే వస్తుంది.

కారణం ఇట్లా రాయి: నైరుతి గాలులు అరేబియా సముద్రం మీది తేమను మోసుకొచ్చి పశ్చిమ కనుమలకు తగిలి, పైకెక్కి చల్లబడి, అటువైపే కురిసేస్తాయి. కనుమలు దాటి ఇటు దిగేసరికి గాలి వేడెక్కి ఆరిపోతుంది. రాయలసీమ ఈ వర్షచ్ఛాయలో ఉంది. నెల్లూరు ఇంకా తూర్పున ఉన్నా ఆ గాలికి దానిదీ అదే గతి. శ్రీకాకుళానికి నైరుతి కాలంలో అంత వాన ఎట్లా వస్తుందంటే, ఆ నెలల్లో బంగాళాఖాతం ఉత్తర భాగంలో ఏర్పడే అల్పపీడనాల వల్ల. అక్టోబరు నుంచి గాలి దిక్కు మారి, అల్పపీడనాలు, తుపాన్లు దక్షిణానికి జరుగుతాయి. అప్పుడు ముందు తడిసేది నెల్లూరు తీరం.

4. అనంతపురం, కడప పక్కపక్క జిల్లాలు. వాటి వర్షపాతాన్ని పోల్చండి.

మొత్తంలో తేడా 147. అందులో నైరుతి తేడా 56, ఈశాన్యం తేడా 95. రెండూ కలిపితే 151, మొత్తం కంటే 4 ఎక్కువ. తప్పు చేసినానని అనుకోవద్దు, చలికాలం ఎండాకాలం వానలో కడపకు 4 తక్కువ, అందుకే సరిపోతుంది. కడపకు ఎక్కువ పడే వానలో పెద్ద భాగం ఈశాన్యానిదే. కడప తూర్పు అంచు నెల్లూరును ఆనుకుని ఉంటుంది. సముద్రం మీంచి వచ్చే వాయుగుండం రాజంపేట వైపు కురిసినంతగా కళ్యాణదుర్గం దాకా రాదు. 2021 నవంబరు 19న చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది ఈ ఈశాన్య కాలపు వానకే. అప్పటికది కడప జిల్లానే. 251 అనే సగటు అంకెలో అట్లాంటి రోజూ ఉంటుంది, చినుకు పడని నవంబర్లూ ఉంటాయి.

5. అనంతపురంలో వేరుశనగ, కర్నూలులో శనగ ఎందుకు ఎక్కువ? పట్టిక ఆధారంగా వివరించండి.

నువ్వు ఇక్కడే ఆగిపోయినానని రాసినావు. ఆగక తప్పదమ్మా, ఎందుకంటే జవాబులో సగం ఈ పట్టికలో లేదు. ఇందులో నేలల గడి లేదు. అది నువ్వే కలుపుకోవాల: అనంతపురం ఎక్కువగా లోతు తక్కువ ఎర్రనేల, కర్నూలు పడమర, నంద్యాల వైపు నల్లరేగడి, కడపలో రెండూ.

ఎర్రనేల గుల్లగా ఉంటుంది, నీళ్లను పట్టి ఉంచుకోదు. అయినా వేరుశనగకు ఆ గుల్లదనమే కావాల. పోయినేడు మా చేనికి వచ్చినప్పుడు నీకు చూపించినా, గుర్తుందా? పసుపుపచ్చ పువ్వు వాడినాక దాని మొదట్లోంచి సూదిలాంటి ఊడ కిందికి దిగి మట్టిలోకి గుచ్చుకుంటుంది. ఆ కొసే మట్టిలో కాయవుతుంది. జూలైలో పదును చూసి గొర్రుతో విత్తితే, ఊడలు దిగేది ఆగస్టు, సెప్టెంబరుల్లో. అప్పుడు మూడు వారాలు బెట్ట వస్తే పైమట్టి గట్టిపడి ఊడ లోపలికి దిగలేక కొసన నల్లబడి ఎండిపోతుంది. చెట్టు పచ్చగానే ఉంటుంది, పీకితే కింద కాయలుండవు. 338 మి.మీ. పడిందా లేదా అన్నది కాదు, ఆ మూడు వారాల్లో పడిందా లేదా అన్నదే మాకు పంట. మీ జేజినాయన వాన లెక్క అడిగేవాడు కాదు, ఏ కార్తెలో పడిందని అడిగేవాడు.

రేగడి సంగతి దీనికి వ్యతిరేకం. అది బంకమట్టి. నైరుతి కాలంలో 455 మి.మీ. తాగి లోపల దాచుకుంటుంది. అక్టోబరు, నవంబరులో పప్పుశనగ విత్తితే పైన చినుకు పడకున్నా ఆ దాచిన పదునుతో, చలితో జనవరి, ఫిబ్రవరి దాకా పండుతుంది. పూతలో పెద్ద వాన పడితే నష్టం కూడా. ఇప్పుడు పట్టికలోకి తిరిగి చూడు: ఈ ఐదు జిల్లాల్లో ఈశాన్యం వాన అందరికంటే తక్కువ కర్నూలుకే, 149. అయినా చలికాలపు పంట అక్కడే. నేల గడి కలపకుండా ఇది అర్థమయ్యేదే కాదు.

6. ‘వర్షపాతం ఎక్కువ గల ప్రాంతాల్లోనే వరి పండుతుంది.’ ఈ నిర్ధారణ సరైనదేనా?

పట్టిక ఒక్కటే చూస్తే సరైనదే అనిపిస్తుంది. 1000 దాటిన రెండు జిల్లాల ఎదుటే వరి ఉంది. కానీ మీ ఇంట్లో తినే కర్నూలు సోనా బియ్యం ఎక్కడివి? సుంకేసుల దగ్గర తుంగభద్ర నుంచి బయల్దేరే కర్నూలు–కడప కాలువ కింద 670, 700 మి.మీ. జిల్లాల్లోనే వరి పండుతోంది. ఆ తుంగభద్ర పుట్టింది పశ్చిమ కనుమల్లో. మూడో జవాబులో మన వానను ఆపేసినాయని రాసిన కనుమలే అవి. గాలి దాటించలేని నీళ్లను నది దాటిస్తోంది.

కాబట్టి జవాబు: ‘పూర్తిగా సరైనది కాదు. వర్షాధార వరికి ఇది చాలావరకు వర్తిస్తుంది. సాగునీరు ఉన్నచోట తక్కువ వర్షపాతంలోనూ వరి పండుతుంది. పంటను నిర్ణయించేవి మొత్తం వర్షపాతం, అది కురిసే కాలం, నేల, సాగునీరు. పట్టికలో వీటిలో మొదటి రెండే ఉన్నాయి.’ చివరి వాక్యం వదలొద్దు. పట్టికలో ఏముందో చెప్పినదానికి మార్కులు వస్తాయి, ఏం లేదో గుర్తుపట్టినవాళ్లకు ఇంకో మార్కు ఎక్కువ వేస్తా నేనైతే.

7. 1 మి.మీ. వర్షం అంటే ఒక ఎకరాలో ఎన్ని లీటర్లు?

చదరపు మీటరుకు ఒక లీటరు. ఎకరా 4047 చదరపు మీటర్లు, కాబట్టి 4047 లీటర్లు. అనంతపురం 553 మి.మీ.కు లెక్కకడితే ఎకరాకు దాదాపు 22 లక్షల 38 వేల లీటర్లు. పారిపోయేది, ఆవిరయ్యేది ఇందులోనే.

రెండో పేజీలో కమ్మీల పటం గీయమన్నారు చూడు, దానికి నిలువు గీత మీద 1 సెం.మీ.కు 100 మి.మీ. పెట్టుకో, శ్రీకాకుళం కూడా కాగితంలో పడుతుంది. నైరుతికి ఒక రంగు, ఈశాన్యానికి ఒక రంగు, పక్కపక్కన గీయి. గీసినాక ఫొటో పంపు. ఈసారి కాగితం కింద పలక పెట్టి తీయమ్మా, వేలు పడదు.

చిన్నాయన,
గుత్తి