శిక్షణ కమిటీ కన్వీనర్ బాధ్యత గురించి

కార్యదర్శి గారికి నమస్కారం.

శిక్షణ కమిటీ కన్వీనర్‌గా నా పేరు ప్రతిపాదించినందుకు మీకూ కార్యవర్గ సభ్యులందరికీ కృతజ్ఞతలు. మొన్న హిమాయత్‌నగర్ సమావేశంలో మీరు అంత ఆప్యాయంగా అడగడం నాకు చాలా సంతోషం కలిగించింది. అయినా ఈ ఏడాది ఆ బాధ్యత తీసుకోలేను.

మన చార్టర్డ్ అకౌంటెంట్ల వృత్తిలో ఈ నెలలు ఎలా ఉంటాయో మీకు తెలియనిది కాదు. సెప్టెంబర్ 30కి ఆడిట్ నివేదికలు, అక్టోబర్ 31కి ఆ క్లయింట్ల రిటర్నులు, మధ్యలో ప్రతి నెలా 20వ తేదీకి జీఎస్టీ. పైగా మా భాగస్వామి ప్రసూతి సెలవులో ఉన్నారు, ఆమె ఫైళ్లూ నేనే చూస్తున్నాను. కమిటీ పని ఊపందుకునేదీ సరిగ్గా ఇప్పుడే. వక్తలను ఖరారు చేయాల్సిన వేళ కన్వీనర్ ఫోను ఎత్తకపోతే తరగతులే ఆగిపోతాయి. వరంగల్, నల్గొండల నుంచి తెల్లవారుజామునే బస్సెక్కి వచ్చే ఆర్టికల్ విద్యార్థులకు అలా జరగకూడదు. పేరుకు మాత్రం పదవిలో ఉండటం నాకు మనస్కరించదు.

నవంబర్ రెండో వారం నుంచి మాత్రం నేను సిద్ధం. ఏదైనా ఒక శనివారం జీఎస్టీ రిటర్నుల మీద పూర్తి తరగతి చెబుతాను. పాఠాల నోట్సు పంపితే సరిచూసి ఇస్తాను. వచ్చే ఏడాది కమిటీ కూర్పు మొదలైనప్పుడు నన్ను మళ్లీ తప్పకుండా అడగండి. అప్పటికి మా భాగస్వామి తిరిగి వస్తారు, నాకూ వెసులుబాటు ఉంటుంది.

వచ్చే నెల సర్వసభ్య సమావేశంలో కలుద్దాం.

అభిమానంతో,
మీ కూకట్‌పల్లి సభ్యురాలు