బాచుపల్లి ఫ్లాట్ లోన్: బ్యాంకు మెయిల్‌లో అసలు సంగతి

బాబాయ్, 12 జనవరి 2026 నాటి మంజూరు మెయిల్‌నీ, దానికి జతచేసిన 11 పేజీలనీ కుదించి రాశాను. పిన్నికి కూడా చూపించు, సహ రుణగ్రహీతగా ఆవిడా సంతకం పెట్టాలి.

మొత్తం
మంజూరు: ₹42,00,000
బిల్డర్‌కి చేరేది: ₹40,80,000

తేడా ₹1,20,000 లోన్ ఇన్సూరెన్స్ ప్రీమియం. మెయిల్ మొదట్లో 42 లక్షలనే ఉంది, ఈ కోత 9వ పేరాలో ఉంది. అక్కడే "రుణగ్రహీత ఎంపిక మేరకు" అని కూడా రాశారు, అంటే తప్పనిసరి కాదు. ప్రీమియాన్ని అప్పులో కలిపితే దానికీ 20 ఏళ్లు వడ్డీ పడుతుంది. 40.80 లక్షలకు ఈఎంఐ ₹33,747, 42 లక్షలకు ₹34,739. నెలకు ₹992 తేడా, 240 నెలలకు దాదాపు ₹2.38 లక్షలు. నీకు బీమా కావాలి, అందులో సందేహం లేదు. కానీ విడిగా టర్మ్ పాలసీ తీసుకుని ఏటా కట్టుకో, దీన్ని వద్దను.

వడ్డీ
7.85 శాతం, ఫ్లోటింగ్ (రెపో 5.25 + బ్యాంకు మార్జిన్ 2.60)

రెపో అంటే రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకిచ్చే అప్పు మీది వడ్డీ రేటు. దాన్ని మారిస్తే మూడు నెలలకోసారి మన రేటూ మారుతుంది. జీతం ఖాతా వాళ్ల దగ్గరే ఉన్నందుకు ఇచ్చిన 0.10 రాయితీ ఇందులో కలిసే ఉంది. కంపెనీ మారి జీతం వేరే బ్యాంకులో పడితే 7.95 అవుతుంది. ఇంకోటి, ఈ రేటు మెయిల్ తేదీది. మనకు వర్తించేది డబ్బు విడుదలైన రోజు ఉన్న రేటు.

కాలం
240 ఈఎంఐలు, నెలకు ₹34,739. మొత్తం వడ్డీ దాదాపు ₹41.37 లక్షలు

ఇక్కడే పొరపాటు పడతాం. ఫ్లాట్ ఇంకా కడుతున్నారు కాబట్టి మొత్తం డబ్బు విడుదలయ్యేవరకు, లేదా 18 నెలలు, ఏది ముందైతే అప్పటిదాకా ప్రీ-ఈఎంఐ మాత్రమే. అది ఉత్త వడ్డీ, అసలు రూపాయి కూడా తగ్గదు. మొదటి విడత 15 లక్షలు ఇస్తే నెలకు ₹9,812. 240 లెక్క ఆ తర్వాతే మొదలవుతుంది, అంటే గరిష్ఠంగా 258 నెలలు కడతావు. ఇప్పటి అద్దె, ఇదీ రెండూ కలిపి చూసుకో.

రేటు పెరిగితే ఈఎంఐ కదపకుండా కాలం పెంచుతామని 14వ పేరా. మొదట్లోనే 8.35కి వెళ్తే 240 కాస్తా 266 నెలలవుతాయి. ఈఎంఐ పెంచాలా, కాలం పెంచాలా అన్నది అడిగే హక్కు రిజర్వ్ బ్యాంకు 2023 ఆగస్టు ఆదేశాల ప్రకారం మనకుంది. అడక్కపోతే వాళ్లకు అలవాటైనదే చేస్తారు.

ఫీజులు (జీఎస్‌టీతో)
ప్రాసెసింగ్, 0.35 శాతం: ₹17,346
లీగల్, వాల్యుయేషన్: ₹8,850
టైటిల్ డీడ్ డిపాజిట్ రిజిస్ట్రేషన్: ₹25,200
తాకట్టు ఆస్తుల కేంద్ర రిజిస్ట్రీ సెర్సాయ్‌లో నమోదు: ₹118
కలిపి ₹51,514

ఇది లోన్‌లోంచి పోదు, చేతి నుంచి కట్టాలి. మంజూరు గడువు 12 ఏప్రిల్ 2026 దాటినా, మనమే వద్దనుకున్నా ప్రాసెసింగ్ ఫీజు వెనక్కి రాదు.

ఈఎంఐ బౌన్స్ అయితే ప్రతిసారీ ₹590, ఆపైన ఆ బకాయి మీద మాత్రం ఏడాదికి 2 శాతం జరిమానా. ముందే తీర్చేస్తే ఛార్జీ సున్నా. ఫ్లోటింగ్ ఇంటి లోన్ మీద వ్యక్తుల దగ్గర ఆ ఛార్జీ వసూలు చేయకూడదన్నది రిజర్వ్ బ్యాంకు నిబంధనే. బోనస్ వస్తే భయం లేకుండా అసల్లో వేసెయ్. మొదటి ఈఎంఐలో ₹27,475 వడ్డీకే పోతుంది, అసలుకు ₹7,264 మాత్రమే. అందుకే తొలి ఏళ్లలో వేసిన డబ్బుకే బలం ఎక్కువ.

సంతకం పెట్టే ముందు కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ తప్పకుండా తీసుకో. ఈ మెయిల్‌కి అది జతచేయలేదు. ఫీజులన్నీ కలిపిన అసలు ఏడాది ఖర్చు, అంటే ఏపీఆర్, అందులో ఉంటుంది. అది 7.85 కంటే ఎక్కువే వస్తుంది, కంగారు పడకు. వేరే బ్యాంకుతో పోల్చేటప్పుడు మాత్రం రెండింటి ఏపీఆర్ అంకెలనే పక్కపక్కన పెట్టి చూడు.

రేపు బ్యాంకుకి ఇది పంపు:

"నమస్కారం. లోన్ ఇన్సూరెన్స్ వద్దు. ₹1,20,000 తీసేసి, ₹40,80,000కు సవరించిన మంజూరు పత్రం, ఏపీఆర్‌తో కూడిన కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్, ఈఎంఐ పట్టిక పంపగలరు. రేటు మారినప్పుడు కాలం కాకుండా ఈఎంఐ మార్చాలని మా ఎంపికగా నమోదు చేయగలరు."

శిరీష