మా దుకాణం పేరు మారుతోంది: యజమాని, మడిగె, ఫోన్ నంబరు అన్నీ పాతవే

ఎనుమాముల మార్కెట్ రోడ్డు, వరంగల్
2026 మార్చి 12

మా దగ్గర మోటార్లు కొన్న, బాగు చేయించుకున్న రైతు అన్నలకు, అక్కలకు, ఊర్ల మెకానిక్‌లకు నమస్కారం.

ఏప్రిల్ 1 బుధవారం నుంచి మన ‘శ్రీ వెంకటేశ్వర ఎలక్ట్రికల్స్ అండ్ మోటార్ రివైండింగ్ వర్క్స్’ పేరు ‘ఊటబావి పంప్స్ అండ్ మోటార్స్’ అవుతుంది. ఏప్రిల్ ఒకటి కదా, ఆటపట్టిస్తున్నారేమో అనుకోకండి. ఆ రోజు కొత్త లెక్కల సంవత్సరం మొదలవుతుంది. బిల్లు బుక్కులు, ఉద్దెర ఖాతా ఎలాగూ కొత్తవి తెరవాలి కాబట్టి పేరు కూడా ఆ రోజే మారుస్తున్నాం.

ముందుగా ఒక మాట. దుకాణం అమ్ముడుపోలేదు, పాళ్లు పంచుకోలేదు, ఎవరికీ లీజుకు ఇవ్వలేదు. యజమాని అతనే, వైండింగ్ చేసే చేతులు అవే, మడిగె అదే. మార్కెట్ గేటు నుంచి వస్తుంటే ఎడమ చేతికి, వేపచెట్టు ముందు, నీలి షట్టరు. షట్టరు రంగు కావాలనే మార్చలేదు. బోర్డు చదవకుండా రంగు చూసి వచ్చే వాళ్లే ఎక్కువ మరి. పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా, ఆదివారం మధ్యాహ్నం వరకు తెరిచి ఉండడం కూడా ఎప్పటిలాగే. మీ దగ్గర ఉన్న మా ఫోన్ నంబరు మారదు.

మరి పేరెందుకు మార్చినట్టు? వెంకటేశ్వర పేరుతో వరంగల్, హన్మకొండలో దుకాణాలు చాలా ఉన్నాయి. మా మోటారు ఇంకో దుకాణంలో దించి పోవడం, మాకు కొట్టాల్సిన ఫోన్‌పే ఇంకెవరికో పోవడం, ట్రాన్స్‌పోర్టులో మా పేరున వచ్చిన స్టార్టర్ల పెట్టె వేరే గల్లీలో దిగడం మామూలైపోయింది. పైగా ‘ఎలక్ట్రికల్స్’ అని ఉండేసరికి ఫ్యాన్లకు, మిక్సీలకు వచ్చి ఉత్త చేతులతో తిరిగి వెళ్తున్నారు. ఆ సరుకు మేము పెట్టడం లేదు. బోరు మోటార్లు, ఓపెన్‌వెల్ మోటార్లు, స్టార్టర్లు, కేబుల్, పైపులు, రివైండింగ్, ఇదే మా పని. బోర్డు మీద కూడా అదే ఉండాలి.

రిపేరుకు ఇచ్చిన మోటార్లు

మీ దగ్గర పసుపు చిట్టీ ఉంటే భద్రంగా పెట్టుకోండి, అది చెల్లుతుంది. కొత్త పేరుతో రాయించుకోవడానికి పనిగట్టుకొని రావద్దు. ఏప్రిల్ 1 నుంచి ఇచ్చే చిట్టీలు తెల్లవి, నంబరు 5001 నుంచి మొదలవుతుంది. మళ్లీ ఒకటి నుంచి వేస్తే పాత 112, కొత్త 112 కలిసిపోయి ఒకరి మోటారు ఇంకొకరి బండెక్కుతుంది. మోటారు బాడీకి తీగతో కట్టిన రేకు బిళ్ల మీద గుద్దిన నంబరు, మీ చిట్టీ మీద నంబరు ఒకటేనా అని తీసుకుపోయే ముందు మీరే చూసుకోండి. చిట్టీ పోయినా భయం లేదు. ఊరు పేరు, ఏ హెచ్‌పీ, ఏ నెలలో ఇచ్చారో చెబితే రిజిస్టరులో వెతుకుతాం. కాకపోతే ఇచ్చిన మనిషే రావాలి, లేదా ఆయన ఫోన్ నుంచి మాకు చెప్పించాలి.

మార్చి 31 మంగళవారం మధ్యాహ్నం 1 గంటకు షట్టరు దించి సరుకు లెక్కబెడతాం. యాసంగి వరి చివరి తడుల మీద ఉండే రోజులవి, మోటారు ఆగితే కంకి తాలు పోతుంది. తయారైన మోటార్లు 30వ తేదీ సాయంత్రం లోపు తీసుకుపోండి. 31న బోరులో మోటారు కాలితే ఫోన్ చేయండి, పక్క తలుపు తీసి మోటారు దించుకుంటాం. ఆ పూట కొత్త సరుకు మాత్రం అమ్మం.

గ్యారంటీలు

రివైండింగ్‌కు రాసిచ్చిన ఆరు నెలల గ్యారంటీ పాత ముద్రతో ఉన్నా చివరి రోజు దాకా నడుస్తుంది. షరతులు కూడా పాతవే. ఒక ఫేజు పోయి కాలినా, నీళ్లు లేక ఒట్టిగా తిరిగి కాలినా గ్యారంటీలో రాదు. పేరు మారింది కదా, షరతులు మారలేదా అని అడిగే వాళ్లకు ముందే చెబుతున్నాం.

కొత్త మోటారుకు కంపెనీ వారంటీ మీ బిల్లు తేదీ నుంచి లెక్క. ఆ బిల్లు మీద, వారంటీ కార్డు మీద పాత పేరే ఉంటుంది, అలాగే ఉండనివ్వండి. కార్డు మీద పేరు కొట్టేసి కొత్తది రాస్తే దిద్దిన కార్డని కంపెనీ వాళ్లు పక్కన పెట్టొచ్చు. మేము అమ్మే కంపెనీలన్నింటికీ పేరు మార్పు గురించి రాసిచ్చాం. అయినా సర్వీసు మనిషి ‘ఈ డీలరు ఎవరు’ అని అడిగితే మాకు ఫోన్ చేయండి. రెండు పేర్లూ, జీఎస్టీ నంబరూ వేసిన లెటరు వాట్సాప్‌లో వెంటనే పంపుతాం.

బ్యాంకు లోనుకు కొటేషన్ తీసుకున్న వాళ్లు ఇది తప్పక చదవండి

అసలు తిప్పలు ఇక్కడే రావచ్చు. మార్చిలో పాత పేరుతో కొటేషన్ ఇచ్చి, ఏప్రిల్‌లో కొత్త పేరుతో బిల్లు ఇస్తే, కొటేషన్ ఒకరిది, బిల్లు ఒకరిది అని ఫైలు వెనక్కి పంపుతారు. లోను ఇంకా పడని వాళ్లు కొటేషన్ జిరాక్సు తీసుకుని రండి, లేదా ఫొటో పంపండి. అదే రేటుకు, రెండు పేర్లూ కనిపించేలా కొత్త కొటేషన్ రాసి, పేరు మార్పు లెటరు జత చేసి ఇస్తాం. దీనికి పైసా తీసుకోం. లోను మార్చి 31 లోపు పడి మోటారు కూడా అప్పుడే తీసుకున్న వాళ్లు ఏమీ చేయనక్కర్లేదు.

జీఎస్టీ నంబరు యజమాని పాన్ మీద ఇచ్చింది కాబట్టి మారదు. 36తో మొదలయ్యే ఆ 15 అంకెలు, అక్షరాలు పాత బిల్లు మీద, కొత్త బిల్లు మీద ఒక్కటే. ఎవరికి అనుమానం వచ్చినా రెండు బిల్లులూ పక్కపక్కన పెట్టి చూపండి.

డబ్బులు కట్టేటప్పుడు

బ్యాంకు ఖాతా అదే, క్యూఆర్ కూడా దానికే కలిపి ఉంది. మీ ఊరి మెకానిక్ దగ్గర అంటించిన పాత స్టిక్కరు స్కాన్ చేసినా డబ్బు మాకే వస్తుంది. తెరమీద కనిపించే పేరు మాత్రం ఒక్కో యాప్‌లో ఒక్కోనాడు మారుతుంది. ఏప్రిల్ 15 దాకా కొన్నింట్లో వెంకటేశ్వర అని, కొన్నింట్లో ఊటబావి అని రావచ్చు. ఈ రెండూ కాకుండా ఏ మనిషి పేరు కనిపించినా, ఇంకో దుకాణం పేరు వచ్చినా డబ్బు కొట్టకుండా ఆగి మాకు ఫోన్ చేయండి.

పేరు మారిన సంగతి దొంగలకూ తెలుస్తుంది. ‘దుకాణం పేరు మారింది, ఉద్దెర డబ్బు ఈ కొత్త నంబరుకు కొట్టండి’ అని ఎవరైనా అంటే అది మేము కాదు. ఓటీపీ అడగం, లింకు పంపం. మీకు డబ్బు వాపసు వచ్చేదుందంటూ పిన్ కొట్టమంటే అసలే నమ్మకండి, డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. పొరపాటున పోగొట్టుకుంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేసి చెప్పండి, తర్వాత మాకు చెప్పండి.

చెక్కులు ఏప్రిల్ 1 నుంచి కొత్త పేరున రాయండి. ఇప్పటికే పాత పేరున ఇచ్చినవి అలాగే జమ అవుతాయి, బ్యాంకులో రెండు పేర్లూ రాయించాం. చెక్కు మీది తేదీ నుంచి మూడు నెలలే చెల్లుతుందన్నది ఎప్పటి మాటే.

ఉద్దెర ఖాతా

మార్చి 31 నాటి బాకీ కొత్త పుస్తకంలోకి ఎక్కుతుంది. మీరు లేకుండా అంకె ఎక్కించి, తర్వాత ఇంతే అని చెప్పడం మాకు ఇష్టం లేదు. మిర్చి తీసుకుని మార్కెట్‌కు వచ్చినప్పుడు ఒక్క పది నిమిషాలు దుకాణానికి రండి. పాత పేజీ, కొత్త పేజీ మీ ముందు పెట్టి, ఎప్పుడు ఏమి తీసుకున్నారో, ఎంత కట్టారో చదువుతాం. సరిపోతే రెండింటి మీదా సంతకం. తేడా ఉంటే పాత పుస్తకమే సాక్ష్యం, దాన్ని పారేయడం లేదు. పేరు మారిందని వడ్డీ కలపడం, గడువు ముందుకు జరపడం ఉండదు.

గుర్తు పెట్టుకోవడానికి

మీ ఫోన్‌లో మా నంబరును ‘ఊటబావి పాత వెంకటేశ్వర’ అని మార్చుకోండి. ఒక్క ఊటబావి అని పెట్టుకుంటే రేపు మేము ‘మీ మోటారు తయారైంది’ అని ఫోన్ చేసినప్పుడు ఎవరో తెలియని వాళ్లని తీయరు. కొత్త బోర్డు కింద ‘పూర్వపు శ్రీ వెంకటేశ్వర ఎలక్ట్రికల్స్’ అన్న రేకు దసరా దాకా ఉంటుంది. బిల్లు పైన కూడా వచ్చే మార్చి దాకా పాత పేరు చిన్న అక్షరాలతో వేస్తాం. గూగుల్ మ్యాపులో పాత పేరు కనిపించినా చుక్క ఉన్న చోటికే రండి, అది ఈ మడిగే. ఆటో అతనికి పాత పేరే చెప్పండి, కొత్త పేరు వాళ్లకు అలవాటు కావడానికి టైం పడుతుంది.

మాకు ఇంకెక్కడా బ్రాంచీ లేదు. నర్సంపేటలోనో, పరకాలలోనో మన పాత పేరుతో బోర్డు కనిపిస్తే వాళ్ల దుకాణం వాళ్లది, మాతో సంబంధం లేదు.

ఊర్ల మెకానిక్ అన్నలకు: మీ కూలీ లెక్క, సామాను రేటు మారలేదు. కొత్త పేరు ఉన్న స్టిక్కర్లు మార్చి 25 నుంచి కౌంటరులో ఉంటాయి. రైతు స్టార్టర్ డబ్బా మీద మన పాత స్టిక్కరు ఉంటే పీకకండి, దాని పక్కనే కొత్తది అంటించండి. రాత్రి పూట మోటారు ఆగినప్పుడు వాళ్లు చూసేది ఆ డబ్బా మీది నంబరునే.

ఊరి వాట్సాప్ గ్రూపుల్లో వేయడానికి చిన్నగా రాసింది కింద ఉంది, దీన్నే పంపండి. సొంతంగా రాస్తే ‘వెంకటేశ్వర మోటార్స్ మూసేశారు’ అని ఊరు తిరిగేసరికి మారిపోతుంది.

*ఎనుమాముల మార్కెట్ రోడ్డులో నీలి షట్టరు మోటార్ల దుకాణం (శ్రీ వెంకటేశ్వర) పేరు ఏప్రిల్ 1 నుంచి ‘ఊటబావి పంప్స్ అండ్ మోటార్స్’. దుకాణం మూయలేదు, అమ్మలేదు. యజమాని, జాగా, ఫోన్ నంబరు, బ్యాంకు ఖాతా అవే. పాత చిట్టీలు, గ్యారంటీలు చెల్లుతాయి. లోను కొటేషన్ ఉన్న వాళ్లు ఒకసారి ఫోన్ చేయండి. కొత్త నంబరుకు డబ్బు కొట్టమని ఎవరు చెప్పినా కొట్టకండి. మార్చి 31 మధ్యాహ్నం 1 నుంచి అమ్మకాలు బంద్, ఏప్రిల్ 1 పొద్దున 8కి తెరుస్తాం.*

ఇట్లు,
యజమాని, పనివాళ్లు
ఊటబావి పంప్స్ అండ్ మోటార్స్
(పూర్వపు శ్రీ వెంకటేశ్వర ఎలక్ట్రికల్స్ అండ్ మోటార్ రివైండింగ్ వర్క్స్)