చందు ఎడమ చెయ్యి

పళ్ల డాక్టర్ దగ్గర సుత్తి ఉంటుందని చందుకి చెప్పింది కిట్టు అన్నయ్య. సుత్తి ఒక్కటే కాదట. పట్టకారు, మూరెడు సూది, గోడకి బెజ్జాలు పెట్టే మిషను కూడా ఉంటాయట. కిట్టు అన్నయ్య చెప్పేదాంట్లో సగం తీసేసి వినాలని ఇంట్లో అందరికీ తెలుసు. కానీ ఏ సగం తీసెయ్యాలో చందుకి తెలియదు. వాడికి ఆరేళ్లే.

అందుకే ఆ పెద్ద కుర్చీ ఎక్కగానే వాడు గట్టిగా నోరు మూసేశాడు. పెదాలు రెండూ లోపలికి మడిచి పళ్లతో పట్టుకున్నాడు కూడా.

"పేరేంటి నాన్నా?" అడిగింది డాక్టరమ్మ.

చందు పలకలేదు.

"చందు అండీ," అన్నాడు నాన్న, తలుపు దగ్గర్నించి. కుర్చీ పక్కనే స్టూలు ఖాళీగా ఉంది. అయినా ఆయన తలుపు దగ్గరే నిలబడ్డాడు. "కింద కుడి వైపు దవడ పన్ను మీద నల్ల మచ్చ పడింది. ఏం తిన్నా అందులోనే ఇరుక్కుంటోంది. వాళ్లమ్మ బ్రష్ చేయిస్తూ చూసింది."

చందు చూపు మాత్రం పక్కనున్న స్టీలు ట్రే మీదే ఉంది. ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశాడు. మళ్లీ వెనక్కి చూసుకుంటూ వచ్చాడు.

"దేనికోసం వెతుకుతున్నావు?"

పెదాలు కొంచెమే తెరుచుకున్నాయి. "సుత్తి."

డాక్టరమ్మ నవ్వలేదు. "సుత్తి లేదు. ఇంకా ఏమేం ఉంటాయని చెప్పారు?"

చందు మొత్తం చెప్పేశాడు.

"పట్టకారు మాత్రం ఉంది," అంది డాక్టరమ్మ. వెనక నాన్న గట్టిగా దగ్గాడు. ఆమె సొరుగు లాగి, అంటించి ఉన్న ఒక కవరు తీసి చూపించింది. లోపల పట్టకారు మెరుస్తోంది. "పన్ను బాగా పాడైపోయి తీసెయ్యాల్సి వస్తేనే దీంతో పని. నీ పన్ను మనకి కావాలి. అందుకని ఇవాళ దీనికి సెలవు."

కవరు సొరుగులోకి వెళ్లిపోయింది. సొరుగు మూసుకుంది. అది ఎక్కడుందో తెలిశాక చందుకి కాస్త నయమనిపించింది.

"ఇప్పుడు మనిద్దరికీ ఒక ఒప్పందం. ఏ వస్తువైనా ముందు నీ చేతి మీద పని చేసి చూపిస్తాను. ఆ తర్వాతే నోట్లోకి. మధ్యలో ఆపాలనిపిస్తే ఎడమ చెయ్యి ఎత్తు. వెంటనే ఆపేస్తాను."

"ఎడమదే ఎందుకు?"

"నేను నీకు కుడి పక్కన కూర్చుంటాను కదా. కుడి చెయ్యి ఎత్తితే నా మోచేతికి తగులుతుంది."

ఇది నిజమో కాదో చూడాలి కదా. చందు టక్కున ఎడమ చెయ్యి ఎత్తాడు. డాక్టరమ్మ రెండు చేతులూ గాల్లోకి లేపి అలాగే ఉండిపోయింది. చెయ్యి దించాడు, ఆమె కూడా దించింది. మళ్లీ ఎత్తాడు, మళ్లీ ఎత్తింది. నాలుగోసారికి చందు పెదాలు వాటంతటవే విడిపోయాయి, నవ్వొచ్చి.

ముందుగా అద్దం వచ్చింది. పొడుగాటి పిడి, చివర గుండ్రంగా బొటనవేలి గోరంత అద్దం.

"ఇంత చిన్నదా? ఇందులో ముక్కు కూడా పట్టదు!"

"నోట్లో పట్టాలిగా మరి. పళ్ల వెనక వైపు నాకు కనపడదు. ఇది అక్కడికి వెళ్లి చూసొస్తుంది. దీంతోనే బుగ్గ కూడా పక్కకి జరుపుతాను."

చందు దాని మీద హాఁ అని ఊదాడు. మసకబారింది. "నోట్లో కూడా ఇలా అవుతుందిగా?" అన్నాడు.

"అవుతుంది. అందుకే ముందు గోరువెచ్చని నీళ్లలో ముంచుతాను. అద్దం వెచ్చబడితే ఆవిరి పట్టదు."

ఆమె దీపం సర్ది, అద్దం లోపల పెట్టి, పళ్లు పైకే లెక్కపెట్టింది. పైన పది, కింద పది. ఆగి, మళ్లీ చివరి దాకా వెళ్లింది. "ఇరవై ఒకటి! పాలపళ్లు ఇరవయ్యే ఉంటాయి. వాటి వెనకాల కొత్తది తొంగి చూస్తోంది. ఇది ఊడే పన్ను కాదు, తాత అయ్యేదాకా నీదే. బ్రష్ అక్కడిదాకా వెళ్లాలి, సరేనా?"

చందు నాలుక వెంటనే అక్కడికి పరిగెత్తింది. నిజమే, అక్కడేదో గరుకుగా తగిలింది!

తర్వాతది చూడగానే వాడి చెయ్యి సగం లేచింది. సన్నటి కడ్డీ, చివర కొక్కెంలా వంగి, మొన తేలి ఉంది. కిట్టు అన్నయ్య చెప్పిన సూది ఇదేనేమో!

"సూది కాదు. దీన్ని ప్రోబ్ అంటారు. నీ బొటనవేలు ఇవ్వు."

ప్రోబ్‌ని ఆమె గోరు మీద మెల్లగా పోనిచ్చింది. నున్నగా జారింది. నొప్పి లేదు, కొంచెం చక్కిలిగిలి.

"నీ పంటి పైపొర ఈ గోరు కంటే చాలా గట్టిది. ఒంట్లో అన్నిటికంటే గట్టిది అదే, ఎముక కంటే కూడా. బాగున్న చోట ప్రోబ్ ఇలాగే జారుతుంది. పాడైన చోట మెత్తగా తగులుతుంది. మచ్చ లోతెంతో కళ్లకి తెలీదు, నా వేళ్లకి దీని ద్వారా తెలుస్తుంది."

పన్ను మీద ప్రోబ్ నడిచింది. టిక్, టిక్, టిక్. ఒకచోట మాత్రం చప్పుడు రాలేదు.

"ఇక్కడే," అంది డాక్టరమ్మ. "నోట్లో క్రిములుంటాయి. పళ్లకి అంటుకున్న తీపి వాటికి దొరికితే పండగే. తిని ఆమ్లం తయారుచేస్తాయి. ఆ ఆమ్లం పన్నుని కొంచెం కొంచెం కరిగించి గుంత చేస్తుంది. నీది చిన్న గుంతే. ఇంకా లోతైతే మందు పెట్టి మొద్దుబార్చాల్సి వచ్చేది. దీనికి అక్కర్లేదు. శుభ్రం చేసి మూసేద్దాం."

"పాలపన్నేగా, ఎలాగూ ఊడిపోతుంది కదండీ?" అని నాన్న తలుపు దగ్గర్నించే అడిగాడు.

"ఈ దవడ పన్ను పదేళ్లు దాటాకే ఊడుతుందండీ. అప్పటిదాకా వీడు నమలాలిగా. పైగా కింద వచ్చే పన్నుకి చోటు కాపలా కాసేది కూడా ఇదే."

ఆ తర్వాత వచ్చినదానికి మూడు పనులు. ఒక బటన్ నొక్కితే గాలి, ఇంకోటి నొక్కితే నీళ్లు, రెండూ కలిపి నొక్కితే తుంపర. చందు అరచేతిలో మూడూ చూపించింది. మూడోది వాడు మళ్లీ అడిగి చేయించుకున్నాడు. చొక్కా చెయ్యి తడిసింది, ఎవరూ ఏమీ అనలేదు.

"ఇన్ని నీళ్లు నోట్లో పడితే నేను మింగాలా?"

"అందుకే ఇదుంది," అని డాక్టరమ్మ ఒక వంపు గొట్టం తీసి గ్లాసులో పెట్టింది. గుర్ర్‌ర్ మంటూ నీళ్లన్నీ మాయం! దాని పేరు సక్షన్. నోట్లో పెట్టగానే చందు బుగ్గని పట్టేసుకుంది. తీస్తే 'ప్లప్' అని చప్పుడు. వాడికి అది ఎంత నచ్చిందంటే, కావాలనే నాలుక కూడా అందించాడు.

ఇంక ట్రే పైన వేలాడుతున్నది మిగిలింది. డాక్టరమ్మ దాన్ని తీస్తుంటే చందు నవ్వడం ఆపేశాడు.

"ఇదేనా గోడ మిషను?"

"గోడ మిషను నీ మోచెయ్యంత ఉంటుంది. దీని మొన చూడు."

ఆమె వేళ్ల మధ్య ఉన్న మొన బియ్యపుగింజ కంటే సన్నగా ఉంది. "లోపల ఒక బుల్లి చక్రం ఉంటుంది. గాలి తగిలి అది తిరుగుతుంది, నిమిషానికి కొన్ని లక్షల సార్లు. అంత వేగంగా తిరుగుతుంది కాబట్టే అరుస్తుంది. పన్ను వేడెక్కకుండా నీళ్లు కూడా చిమ్ముతుంది. విను."

జూయ్‌య్‌య్...

నాన్న తలుపు పిడి పట్టుకున్నాడు.

చందు కూడా కుర్చీ పట్టుకున్నాడు. చప్పుడు ఆగింది. "మళ్లీ," అన్నాడు వాడు చిన్నగా. జూయ్‌య్‌య్. మూడోసారి వాడే గొంతుతో దానికి జవాబిచ్చాడు. వాడి జూయ్ దానికంటే పెద్దగానే వచ్చింది.

"ఐదు లెక్కపెట్టేసరికి ఆపుతాను. సక్షన్ నువ్వే పట్టుకుంటావా?"

నోరు తెరుచుకుంది. ఒకటి, రెండు, మూడు... పన్ను వణుకుతున్నట్టుంది, చల్లటి తుంపర పడుతోంది. నొప్పి లేదు గానీ చప్పుడు తలంతా నిండిపోయింది. చందు ఎడమ చెయ్యి లేచింది.

జూ... ఆగిపోయింది. మిషను బయటికొచ్చేసింది.

"ఏమైంది?"

"ఏం లేదు. ఆగుతుందో లేదో అని."

"ఆగిందిగా?"

"ఊఁ." వాడు ఊపిరి పీల్చుకుని, సక్షన్ సర్దుకుని, మళ్లీ నోరు తెరిచాడు. ఈసారి ఐదు కాదు, ఎనిమిది దాకా చెయ్యి లేవలేదు.

మిగతా మెత్తటి భాగాన్ని డాక్టరమ్మ ఒక చెంచాతో గీకి తీసింది. చీమకి పాలు తాగించేంత చెంచా అది. చందు దాన్ని చూసి, "దీనికి పేరేంటి?" అని అడిగి, ఎక్స్‌కవేటర్ అని విని ఉలిక్కిపడ్డాడు. రోడ్డు మీద మట్టి తవ్వే పసుపు బండి పేరు దీనికా! బుగ్గ పక్కన దూది పెట్టారు, పన్ను తడవకుండా. గుంతలో మెత్తటి తెల్లటి ముద్ద నింపారు.

"ఇది గట్టిపడాలంటే నీలం దీపం కావాలి. దాన్ని సూటిగా చూడకూడదు. అందుకే ఈ నారింజ రంగు అద్దం అడ్డం పెట్టుకుంటాను. నువ్వు కళ్లు మూసుకో."

కొన్ని సెకన్లు వెలిగి బీప్ మంది. నాలుకతో తడిమితే గుంత లేదు.

చందుకి ఇంకో సందేహం వచ్చింది. "వీటిని ఇప్పుడు ఇంకో పిల్లాడి నోట్లో పెడతారా?"

"మంచి ప్రశ్న! ముందు కడుగుతాం. తర్వాత కవర్లలో పెట్టి ఆ పెద్ద డబ్బాలో వేస్తాం. నీళ్లు వంద డిగ్రీల దగ్గర మరుగుతాయి కదా? అందులో ఆవిరి 121 డిగ్రీలు, ఒక్కోసారి 134 కూడా. ఒక్క క్రిమి మిగలదు. వేడి సరిగ్గా తగిలితే కవరు మీద గుర్తు రంగు మారుతుంది. చూసి గానీ తెరవను."

చందు కుర్చీ దిగి ఆ డబ్బా చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు. నాన్న అప్పటికే తలుపు తెరిచి, ఒక కాలు బయట పెట్టేశాడు.

"నాన్నా! నువ్వు ఎడమ వైపే నములుతావుగా. కుడి వైపు నొప్పని అమ్మతో చెప్పావు."

"అది... ఇంకోసారి చూపించుకుంటాలే. ఇవాళ పనుంది."

"ఏం పని?"

నాన్నకి ఏ పనీ గుర్తురాలేదు. డాక్టరమ్మ కొత్త గ్లవ్స్ తీసి, "తర్వాత ఎవరూ లేరండీ, రండి," అంది.

నాన్న కుర్చీలో కూర్చున్నాడు. పెదాలు రెండూ లోపలికి మడుచుకున్నాయి. చందు స్టూలు ఎక్కి, నాన్న మోచెయ్యి పట్టుకుని చెప్పడం మొదలుపెట్టాడు.

"ఫస్ట్ అద్దం వస్తుంది. అది చూడ్డానికే. తర్వాత ప్రోబ్. అది సూది కాదు నాన్నా, ముందు గోరు మీద గీయించుకో. ఆపాలంటే చెయ్యి ఎత్తు. అది కాదు, ఎడమది! కుడిది ఎత్తితే డాక్టరమ్మ మోచేతికి తగులుతుంది."