ఆడియో పుస్తకాల బృందం ఆన్‌లైన్ సమావేశంలో నా పరిచయం

అందరికీ నమస్కారం. నా పేరు వసుధ. ఆడియో పుస్తకాల విభాగంలో నాణ్యత సమన్వయకర్తగా ఈ సోమవారం నుంచి మీతో కలిసి పని చేస్తున్నాను.

మొదట ఒక చిన్న విన్నపం. నా మాట తెగకుండా వినిపిస్తున్నదో లేదో సమావేశం నడుపుతున్నవారు చెప్పగలరా? వారి జవాబు వచ్చేదాకా ఆగుతాను.

[జవాబు కోసం విరామం]

ధన్యవాదాలు. నేను పది పన్నెండు నిమిషాలు మాట్లాడతాను. నా మాట మూడు భాగాలుగా ఉంటుంది. ఈ పనిలోకి ఎలా వచ్చానన్నది మొదటి భాగం, ఇక్కడ నేను చేయబోయే పని రెండో భాగం, మీ నుంచి నేను కోరే సహకారం మూడో భాగం. రెండో భాగం మిగిలిన రెండింటికంటే పెద్దది. ఒక్కో భాగం మొదలుపెట్టే ముందు ఆ సంగతి చెబుతాను కనుక, మధ్యలో ఎవరికైనా కనెక్షన్ పోయి మళ్లీ వచ్చినా ఎక్కడున్నామో తెలుస్తుంది.

మొదలుపెట్టే ముందు నా పేరు గురించి ఒక మాట. మన సౌండ్ ఎడిటర్లలో సుధ గారు ఉన్నారని తెలిసింది. లైను బాగా లేనప్పుడు వసుధ అన్న పేరులో మొదటి అక్షరం జారిపోతే వినేవారికి మేమిద్దరం ఒకరమే అవుతాము. అందువల్ల సమావేశంలో మాట్లాడిన ప్రతిసారీ "నాణ్యత నుంచి వసుధ" అని మొదలుపెడతాను. ఇరవై మంది ఉన్న సమావేశంలో, అందులోనూ కొందరు స్క్రీన్ రీడర్ మీద పని చేస్తున్నప్పుడు, మాట్లాడుతున్నవారి పేరు తెర మీద వెలుగుతుంది కదా అనుకోవడం సరికాదు.

ఇక మొదటి భాగం, నా నేపథ్యం.

నేను పాఠ్యపుస్తకాల ప్రూఫ్ రీడర్‌గా ఉద్యోగం మొదలుపెట్టాను. అచ్చు ప్రతిని మూల ప్రతితో అక్షరం అక్షరం పోల్చి చూసే ఆ పనిలోనే, రాసినది ఒకటీ చదివేవారికి అందేది మరొకటీ కావడానికి ఎంత చిన్న గుర్తు చాలునో నాకు అర్థమైంది. తరువాత ఒక రికార్డింగ్ స్టూడియోలో ఎడిటర్‌గా చేరి, చదివిన పాఠాన్ని కోయడం, అతకడం, శబ్దాన్ని శుభ్రం చేయడం నేర్చుకున్నాను. దృష్టిలోపం ఉన్న విద్యార్థుల కోసం విజ్ఞాన శాస్త్ర పుస్తకాలను రికార్డు చేసే ప్రాజెక్టు ఆ స్టూడియోకు రావడంతో ఈ రంగంలోకి వచ్చాను, ఇక్కడే ఉండిపోయాను. నేను గాయనిని కాను, వ్యాఖ్యాతను కాను. పుస్తకం చదివే గొంతు నాది కాదు. ఆ గొంతు చెప్పినది పుస్తకంలో ఉన్నదే అని వినేవారికి భరోసా ఇవ్వడమే నాకు తెలిసిన పని.

ఇది మొదటి భాగం. ఇప్పుడు రెండో భాగం, నేను చేయబోయే పని.

ఆ విజ్ఞాన శాస్త్ర పుస్తకంలో జరిగిన ఒక సంగతి చెబితే నా పని ఏమిటో తేలికగా తెలుస్తుంది. లోహాల పాఠంలో, పాదరసం ఘనీభవించే ఉష్ణోగ్రత −38.83 డిగ్రీల సెల్సియస్ అన్న వాక్యం ఉంది. చదివినవారి ఉచ్చారణ చక్కగా ఉంది, శబ్దంలో ఎక్కడా లోపం లేదు, కాని అంకెకు ముందున్న మైనస్ గుర్తును వారు చదవలేదు. బహుశా ఆ చిన్న గీత వారికి రెండు మాటలను కలిపే గీతలా కనిపించి ఉంటుంది. ఎడిటింగులోనూ అది దొరకలేదు, ఎందుకంటే ఎడిటర్ శబ్దాన్ని వింటున్నారు, పుస్తకాన్ని చూడటం లేదు. చివరికి దాన్ని పట్టుకున్నది కంటితో ఎన్నడూ చదవని ఒక పరిశీలక శ్రోత. ఆ లెక్కన మామూలు గది వేడిలో పాదరసం గడ్డకట్టి ఉండాలి కదా, మరి థర్మామీటరులో అది ద్రవంగా ఎలా కదులుతుందని ఆమె అడిగారు. అచ్చు పుస్తకం చదివే విద్యార్థికి అనుమానం వస్తే కన్ను వెనక్కు తిప్పి ఆ గుర్తును చూసుకుంటాడు. వినే విద్యార్థికి మేము ఏది వినిపిస్తే అదే పుస్తకం.

అందువల్ల ప్రతి పుస్తకానికీ రికార్డింగ్ మొదలయ్యే ముందే ఒక పఠన పత్రం సిద్ధం చేస్తాను. గుర్తులు, సంక్షిప్త రూపాలు, పరభాషా పేర్లు, సూత్రాలు, అధోజ్ఞాపికలు ఏ విధంగా చదవాలో అందులో రాసి ఉంటుంది. పట్టికల విషయంలో నేను కాస్త పట్టుదలగా ఉంటానని ఇప్పుడే చెబుతున్నాను. పట్టికలో ఎన్ని నిలువు వరుసలు, ఎన్ని అడ్డు వరుసలు ఉన్నాయో ముందుగా చెప్పాలి, తరువాత శీర్షికలు చదవాలి, ఆ తరువాత ప్రతి విలువనూ దాని శీర్షికతో కలిపి చదవాలి. పాదరసం, ద్రవీభవన స్థానం, మైనస్ 38.83, సీసం, ద్రవీభవన స్థానం, 327.5 అన్నట్లుగా చదివితే మూడో వరుసకు వచ్చేసరికి ఏ అంకె దేనిదో వినేవారు గుర్తుపెట్టుకోవలసిన శ్రమ ఉండదు. దీనివల్ల నిడివి పెరుగుతుంది, రికార్డింగ్ సమయమూ పెరుగుతుంది. ఆ ఖర్చుకు తగిన ఫలితం ఉంటుందని నా నమ్మకం, బడ్జెట్ చూసేవారితో ఆ మాట నేనే మాట్లాడతాను.

వేగం గురించి కూడా నా అభిప్రాయం మీకు తెలియాలి. నిమిషానికి ఇన్ని మాటలు అన్న లెక్కను తెలుగు పఠనానికి కొలబద్దగా నేను వాడను. మన భాషలో విభక్తులూ ప్రత్యయాలూ మాటలోనే కలిసిపోతాయి కనుక ఒక్క మాటే నోటికి ఐదారు అక్షరాల పని కావచ్చు, అదే పేజీలో రెండక్షరాల మాటలూ ఉంటాయి. నేను విరామాలను చూస్తాను: పొడవైన వాక్యంలో క్రియ వచ్చేదాకా వినేవారు కర్తను గుర్తుంచుకోగలుగుతున్నారా, కొత్త పేరాకు మారినట్లు గొంతులో తెలుస్తున్నదా అని చూస్తాను. వేగం పెంచుకోవాలంటే వినేవారికి ప్లేయరులో వీలుంది. లేని విరామాన్ని మాత్రం వారు కల్పించుకోలేరు.

సాంకేతిక విషయాల్లో సౌండ్ ఎడిటర్ల నిర్ణయమే చివరి మాట. నేను అడిగేవి రెండే, గదిలోని నేపథ్య శబ్దం −60 డెసిబెల్స్ కంటే తక్కువగా ఉండాలి, ఒక అధ్యాయానికీ మరో అధ్యాయానికీ మధ్య గొంతు స్థాయి మారకూడదు. పుస్తక నిర్మాణం మాత్రం మీతో కూర్చుని చేయవలసిన పని. 1996లో ఏర్పడిన డైసీ కన్సార్టియం రూపొందించిన ప్రమాణాల వల్ల, వినేవారు అధ్యాయం నుంచి అధ్యాయానికి, ఉపశీర్షిక నుంచి ఉపశీర్షికకు, పేజీ నుంచి పేజీకి నేరుగా వెళ్లగలుగుతున్నారు. ఉపాధ్యాయుడు తరగతిలో "నలభై రెండో పేజీ తీయండి" అన్నప్పుడు మన పుస్తకం వింటున్న విద్యార్థి కూడా మిగతావారితో పాటే అక్కడికి చేరుకోవాలి. ఇందుకు శీర్షికల స్థాయిలు మొదటి నుంచీ సరిగా గుర్తించి ఉండాలి. రికార్డింగ్ ముగిశాక వాటిని అతికించబోతే పని రెండింతలవుతుంది. హక్కుల అనుమతులు నా బాధ్యతలో లేవు, వాటిని ఇప్పటి వరకు చూస్తున్నవారే చూస్తారు.

రెండో భాగం ముగిసింది. మూడో భాగానికి వెళ్లే ముందు కొద్దిగా ఆగుతాను. ఇంతవరకు చెప్పినదానిలో ఏదైనా మాట వినిపించకపోతే ఇప్పుడు అడగండి. అభిప్రాయాలూ అభ్యంతరాలూ చివర మాట్లాడుకుందాం.

[ఐదు సెకన్ల విరామం]

మూడో భాగం, మీ నుంచి నేను కోరే సహకారం.

ఈ బృందం కెమెరాలు ఆపి సమావేశాలు జరుపుకుంటుందని చెప్పినప్పుడు నాకు సంతోషం కలిగింది. కొందరి ఇంటర్నెట్ వీడియోను మోయలేదు, కొందరికి వీడియోతో పని లేదు. అందరికీ సమానంగా అందేది గొంతు ఒక్కటే. అయితే కెమెరా లేనప్పుడు తల ఊపడం కనిపించదు, మాట అందుకోబోతున్నవారి కదలిక కనిపించదు. సంభాషణలో ప్రశ్నకూ జవాబుకూ మధ్య సగటు వ్యవధి సెకనులో ఐదో వంతు దగ్గర ఉంటుందని పది భాషలను పోల్చి 2009లో వెలువడిన పరిశోధన చూపింది. మాట ఒకరి నుంచి మరొకరికి చేరడానికి 150 మిల్లీసెకన్ల కంటే తక్కువ సమయం పట్టడం మేలని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ సిఫార్సు చెబుతుంది. మన ఇళ్లలోని కనెక్షన్లు చాలాసార్లు ఆ హద్దు దాటుతాయి. ఇద్దరు ఒకేసారి మాట్లాడి, ఇద్దరూ ఒకేసారి ఆగిపోవడం అందువల్లే జరుగుతుంది, మర్యాద తెలియక కాదు. కనుక నా మాట ముగియగానే "నా మాట అయింది" అని చెబుతాను. నేను ప్రశ్న వేస్తే పేరు ముందు చెప్పి ప్రశ్న తరువాత అడుగుతాను, దానివల్ల ఆ వ్యక్తి మైకు తీసే వ్యవధి దొరుకుతుంది. జవాబు ఆలస్యమైతే దాన్ని అంగీకారంగానో అయిష్టంగానో తీసుకోను, వేచి ఉంటాను.

చాట్ గురించి ఒక ముఖ్యమైన విన్నపం. మనలో ఇద్దరు స్క్రీన్ రీడర్ వాడుతున్నారు. ఎవరో మాట్లాడుతుండగా చాట్‌లో "బాగుంది" అని ఒకరు రాస్తే, ఆ ఇద్దరి చెవిలో మాట్లాడుతున్నవారి గొంతు మీద మరో గొంతు ఆ సందేశాన్ని చదువుతుంది. వాక్యం అక్కడ చెడిపోతుంది. స్పందనలు కొద్ది సేపు ఆపుకుని, మాట్లాడేవారు ముగించాక రాయవలసిందిగా అందరినీ కోరుతున్నాను. నేను కూడా నా ఈమెయిలు చిరునామా, పఠన పత్రం నమూనా ఉన్న ఫోల్డరు లింకు ఇప్పుడు పెట్టకుండా, మాట ముగించిన తరువాత ఒకే సందేశంగా పెడతాను. ఆ సందేశంలో ఏముందో నోటితో కూడా చెబుతాను.

ఈ వారంలో మీలో ప్రతి ఒక్కరితో పావుగంట చొప్పున విడిగా ఫోనులో మాట్లాడాలనుకుంటున్నాను. ఇప్పుడు మీ చేతిలో ఉన్న పుస్తకంలో ఏ చోట చదవడం కష్టంగా ఉంది, ఏ చోట తప్పు దొర్లుతున్నదని మీకు అనుమానం ఉంది అన్నవే నా ప్రశ్నలు. పరిశీలక శ్రోతలతో మొదలుపెడతాను, ఎందుకంటే లోపాలు ముందుగా తెలిసేది వారికే, ఎక్కువ చోట్ల అందరికంటే చివర సంప్రదించేది కూడా వారినే. శుక్రవారం లోపు మీకు వీలైన సమయం తెలియజేయండి. ఉదయం పది నుంచి సాయంత్రం ఐదు వరకు ఎప్పుడైనా నాకు ఇబ్బంది లేదు.

నా పరిచయం ముగిసింది. ఇప్పుడు చాట్‌లో ఒక సందేశం పెడుతున్నాను. అందులో నా పేరు, ఈమెయిలు చిరునామా, ఫోల్డరు లింకు ఉన్నాయి. స్క్రీన్ రీడర్ దాన్ని చదివి ముగించే వరకు ఎవరూ మాట్లాడకుండా ఉండగలరు. ఆ తరువాత సుధ గారు, సౌండ్ ఎడిటింగ్ నుంచి మీ పరిచయంతో మొదలుపెడతారా? నా మాట అయింది, మైకు ఆపుతున్నాను.